ఆరు వారాల్లో వీడియో ఎడిటింగ్ కోర్సు: ఏ పాఠం ముందు, ఏ పాఠం తర్వాత?

సెలవుల్లో పిల్లలకు వీడియో ఎడిటింగ్ నేర్పిద్దామని మహల్లా కమిటీలు, లైబ్రరీలు నడిపేవాళ్లు, ఇంట్లోనే ట్యూషన్లు చెప్పే అక్కలు అనుకుంటూ ఉంటారు. నాలుగు కంప్యూటర్లు ఎలాగో సమకూరుతాయి. సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. చిక్కంతా పాఠాల వరుస దగ్గరే వస్తుంది. మొదటి వారమే మెరుపులు, తిరిగే టైటిళ్లు, ఎఫెక్టులు చూపిస్తే పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ కోర్సు అయిపోయేసరికి చేతిలో ఒక్క పూర్తి వీడియో కూడా ఉండదు. మాట సరిగ్గా వినపడదు, ఫైలు ఎక్కడుందో తెలియదు, ఎవరైనా పని ఇస్తే సమయానికి ఇవ్వలేరు.

అందుకే ఒక కోర్సును మొదటి నుంచి చివరి దాకా ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం. ఇది నేర్పేవాళ్ల కోసం. అయితే ఎక్కడైనా ఫీజు కట్టి పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులు కూడా అక్కడి సిలబస్‌ను దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందు చివరి వీడియోను నిర్ణయించండి

కోర్సు ప్లాన్‌ను మొదటి పాఠం నుంచి రాయకండి. చివరి రోజు విద్యార్థి ఏం చూపించాలో ముందు రాసుకోండి. దాన్నిబట్టి వెనక్కి రండి.

ఈ ప్లాన్‌లో చివరి పని ఇది: చేతులతో పనిచేసే ఒక మనిషి గురించి మూడు నిమిషాల వీడియో. టైలర్ కావచ్చు, రొట్టెల భట్టీ దగ్గర పనిచేసే అతను కావచ్చు. మనం ఉదాహరణగా హైదరాబాద్ లాడ్ బజార్‌లో దొరికే లక్క గాజుల తయారీ తీసుకుందాం. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకు ఇది చాలా అనువైన పని. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరుస్తారు, సన్నగా పొడుగ్గా సాగదీస్తారు, గుండ్రంగా వంచి గాజు చేస్తారు, వేడి ఉండగానే రాళ్లు అతికిస్తారు. అంటే దృశ్యాలకు ఒక సహజమైన వరుస ఉంది. ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనక అన్నది పనే చెబుతుంది. పైగా పనివాడు దక్కనీలో మాట్లాడతాడు, చూసేవాళ్లలో తెలుగు మాత్రమే వచ్చినవాళ్లూ ఉంటారు. కాబట్టి సబ్‌టైటిల్స్ కూడా అవసరం పడతాయి.

ఈ మూడు నిమిషాల వీడియోకి ఏమేం తెలియాలి? ఫైళ్లు సర్దుకోవడం, ముక్కలు కోయడం, ఫోన్‌తో సరిగ్గా తీయడం, మాటను శుభ్రంగా వినిపించడం, మాట మీద దృశ్యాలు పరచడం, అక్షరాలు వేయడం. సరిగ్గా ఆరు విషయాలు. గ్రీన్ స్క్రీన్, త్రీడీ టైటిళ్లు, స్లో మోషన్ ఈ జాబితాలో లేవు. కాబట్టి కోర్సులో కూడా ఉండవు.

ఎన్ని గంటలు, ఎన్ని కంప్యూటర్లు

వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి రెండు గంటలు. ఆరు వారాలకు 12 క్లాసులు, 24 గంటలు. నాలుగు కంప్యూటర్లుంటే ఎనిమిది మందికి మించి తీసుకోకండి. ముగ్గురు ఒక కంప్యూటర్ ముందు కూర్చుంటే మూడో వాళ్లు చూసేవాళ్లే అవుతారు, చేసేవాళ్లు కాలేరు.

రెండు గంటల్ని ఇలా విడదీయండి. మొదటి 30 నిమిషాలు పాఠం. తర్వాత 70 నిమిషాలు పని, జంటలో ఒక్కొక్కరికి 35 నిమిషాలు మౌస్. చివరి 20 నిమిషాలు అందరి వీడియోలూ పెద్ద స్క్రీన్ మీద చూడటం. ఆ చివరి 20 నిమిషాలు ఏ రోజూ వదలకండి. తన కోత పది మంది ముందు ఆడినప్పుడే, ఎక్కడ సాగిందో విద్యార్థికి తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌గా ఇక్కడ షాట్‌కట్‌ను తీసుకున్నాం. ఇది ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద మన పనికి సరిపోతుంది. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇంకా శక్తిమంతమైనదే, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాత కంప్యూటర్ల మీద అది ఆగి ఆగి నడిస్తే క్లాసు మొత్తం ఎదురుచూడటంతోనే పోతుంది.

వరుస ఇలా ఉంటుంది:

- మొదటి వారం: ఫైళ్లు, కోత, ఎక్స్‌పోర్ట్. ప్రాజెక్ట్: 30 సెకన్ల చాయ్ వీడియో.
- రెండో వారం: ఫోన్‌తో తీయడం, షాట్ల వరుస. ప్రాజెక్ట్: మాట, పాట లేని ఒక నిమిషం.
- మూడో వారం: ధ్వని, ఇంటర్వ్యూ కోత. ప్రాజెక్ట్: పది నిమిషాల మాటను 90 సెకన్లకు తేవడం.
- నాలుగో వారం: మాట మీద దృశ్యాలు, సంగీతం. ప్రాజెక్ట్: అదే ఇంటర్వ్యూకి దృశ్యాలు పరచడం.
- ఐదో వారం: టైటిళ్లు, సబ్‌టైటిల్స్, కొద్దిగా రంగు. చివరి వీడియో షూటింగ్ ఈ వారంలోనే ముగియాలి.
- ఆరో వారం: చివరి వీడియో.

మొదటి వారం: మొదటి రోజే ఫైలు బయటికి రావాలి

మొదటి క్లాసులో కెమెరా ముట్టుకోనివ్వకండి. చాయ్ కాచే దృశ్యాలు ఎనిమిది ముక్కలు మీరే తీసి అందరికీ ఒకేలా ఇవ్వండి. అందరి దగ్గరా అదే సామాను ఉంటే, తేడా కోతలో మాత్రమే కనబడుతుంది. పోల్చి చెప్పడం మీకూ తేలిక.

మొట్టమొదట నేర్పాల్సింది ఫోల్డర్. ప్రతి ప్రాజెక్ట్‌కి ఒక ఫోల్డర్, దాని లోపల ఈ ఐదు:

```
chai_project
  01_video
  02_audio
  03_photo
  04_project
  05_export
```

ఎందుకింత పట్టింపు? షాట్‌కట్ సేవ్ చేసే `.mlt` ఫైలులో వీడియో ఉండదు. ఏ ముక్క ఏ ఫోల్డర్లో ఉంది, ఎక్కడ కోశారు అన్న వివరాలే ఉంటాయి. అది బిర్యానీ కాదు, బిర్యానీ చీటీ. ఆ చీటీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి వెళ్తే అక్కడ ఏమీ తెరుచుకోదు, ఫైళ్లు కనబడటం లేదని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కాపీ చేసుకునేటప్పుడు మొత్తం ఫోల్డర్ తీసుకెళ్లాలి. ఈ ఒక్క అలవాటు మొదటి రోజు పడకపోతే మూడో వారంలో సగం క్లాసు పోయిన ఫైళ్లు వెతకడానికే సరిపోతుంది.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి వీడియోలు కేబుల్‌తో తేవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది వీడియోను నొక్కి చిన్నది చేస్తుంది. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, పెద్ద స్క్రీన్ మీద ముఖాలు గడులు గడులుగా కనబడతాయి. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు నాణ్యత తగ్గదు.

ఇక కోత. మొదటి రోజుకి మూడు పనులు చాలు. ముక్కను టైమ్‌లైన్ మీద పెట్టడానికి `A`, ఉన్నచోట రెండుగా కోయడానికి `S`, వద్దన్న ముక్కను తీసేసి ఖాళీ లేకుండా దగ్గరికి జరపడానికి `X`. వీటితో పాటు ప్రతి ఐదు నిమిషాలకోసారి `Ctrl+S`. ఎనిమిది ముక్కల్లోంచి ఐదో ఆరో ఎంచుకుని 30 సెకన్లు చేయాలి. ప్రతి ముక్క మొదట్లో కెమెరా కదిలిన చోటు, చివర్లో చెయ్యి అడ్డొచ్చిన చోటు కోసేయాలి.

రెండు గంటలు ముగిసేలోపు `Export` నొక్కి, `YouTube` అనే ప్రీసెట్ ఎంచుకుని, ఫైలు బయటికి తీసి, తమ ఫోన్‌లో చూడాలి. ఎక్స్‌పోర్ట్‌ను చివరి వారానికి వాయిదా వేసే కోర్సులు చాలా ఉంటాయి. అది పొరపాటు. వీడియో పూర్తవడమంటే ఏమిటో మొదటి రోజే తెలిస్తే మిగతా పాఠాలన్నీ దానికే అతుక్కుంటాయి.

రెండో క్లాసులో ఒక విషయం చెప్పండి. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములు అని స్థిరంగా తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గుతాయి. అలాంటి ముక్క తెరిచినప్పుడు షాట్‌కట్ ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకోమనండి. కొత్త ఫైలు పెద్దదవుతుంది కాబట్టి డిస్క్‌లో చోటు చూసుకోవాలి. మార్చకుండా వదిలేస్తే ఏమవుతుందో పొడుగు ఇంటర్వ్యూలో బయటపడవచ్చు. మొదటి నిమిషంలో పెదాలు, మాట సరిగ్గానే కలుస్తాయి, పదో నిమిషానికి మాట ముందుకో వెనక్కో జారిపోతుంది.

రెండో వారం: కోసినవాడికే తీయడం తెలుస్తుంది

షూటింగ్ పాఠాన్ని మొదటి వారం కాకుండా రెండో వారం పెట్టడానికి కారణం ఉంది. ఇంకొకరు తీసిన దృశ్యాలు కోసినప్పుడు విద్యార్థికి చిరాకు వస్తుంది. "ఇది ఇంకో రెండు సెకన్లు తీసుంటే బాగుండేది", "కప్పు దగ్గరగా ఒక్కటి కూడా లేదు" అంటారు. ఆ చిరాకు ఉన్నప్పుడే తీయడం నేర్పాలి.

నియమాలు మూడే. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. ప్రతి షాట్ కదలకుండా కనీసం పది సెకన్లు తీయాలి. ఒకే పనిని ఐదు రకాలుగా తీయాలి: చేతులు దగ్గరగా, ముఖం దగ్గరగా, మనిషి చేతులతో సహా, భుజం మీదుగా, చివరికి గది లేదా దుకాణం మొత్తం. విలేకరులకు నేర్పే పాత పద్ధతే ఇది. ఈ ఐదూ ఉంటే ఏ పనైనా కోతకు లొంగుతుంది.

ట్యూబ్‌లైట్ కింద తీస్తే కొన్నిసార్లు వీడియో మీద అడ్డంగా నల్లటి చారలు పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఫోన్ షట్టర్ దానికి కుదరకపోతే ఈ చారలు వస్తాయి. ఎడిటింగ్‌లో వీటిని తీసేయడం కష్టం. ఫోన్‌లో షట్టర్ మార్చే వీలుంటే 1/50 లేదా 1/100 పెట్టాలి. లేకపోతే కిటికీ పక్కకి జరగాలి. తీసిన వెంటనే ఒక షాట్ ఆడించి చూసుకోవడమే మందు.

ప్రాజెక్ట్: ఇంట్లో జరిగే ఒక పని, ఒక నిమిషం. రోటీ చేయడం, కుట్టు మిషన్‌కి దారం ఎక్కించడం, సైకిల్ పంక్చర్ వేయడం, ఏదైనా. మాటలు వద్దు, పాట వద్దు. పాట పెడితే కోత బాగోలేకపోయినా బాగున్నట్టే అనిపిస్తుంది. పరీక్ష ఇలా పెట్టండి: ఆ పని చూడని ఇంకో విద్యార్థికి వీడియో చూపించి, ఏం జరిగిందో వరుసగా చెప్పమనండి. చెప్పగలిగితే పాస్. మధ్యలో ఏదో అడుగు దూకిందంటే ఆ షాట్ మళ్లీ తీయాలి.

మూడో వారం: మాట వినబడాలి, మాట మారకూడదు

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే మాత్రం పది సెకన్లలో వెళ్లిపోతారు. అందుకే రంగుల కంటే ముందు ధ్వని రావాలి.

మైకు లేకపోయినా ఫర్వాలేదు. రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి, మాట్లాడే మనిషి నోటికి ఒక జానెడు దూరంలో, ఫ్రేములో పడకుండా ఉంచితే కెమెరా ఫోన్ ధ్వని కంటే చాలా మెరుగ్గా ఉంటుంది. మొదలుపెట్టేముందు గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టాలి. రెండు రికార్డింగుల్లోనూ ఆ చప్పుడు కనబడే చోటు కలిపితే మాట, పెదాలు కలుస్తాయి. ఫ్యాను, కూలర్ ఆపాలి. అందరూ నిశ్శబ్దంగా ఉండగా 20 సెకన్లు గది చప్పుడు ఒక్కటే రికార్డు చేయాలి. మాటల మధ్య కోసినచోట పూర్తి నిశ్శబ్దం వస్తే చెవికి గుంటలో పడినట్టు ఉంటుంది. ఆ గుంటలో ఈ గది చప్పుడు వేస్తే అతుకు తెలియదు.

ఎంత గట్టిగా ఉండాలన్నది చెవితో కాకుండా మీటర్‌తో చూడాలి. మాట మామూలుగా మైనస్ 12 డీబీ దగ్గర ఆడుతూ, గట్టి పలుకులు మైనస్ 6 దాకా వెళ్తే చాలు. సున్నాకి తగిలితే మాట చిట్లుతుంది. రికార్డింగ్‌లోనే చిట్లినదాన్ని తర్వాత తగ్గించినా బాగుపడదు.

ప్రాజెక్ట్ పది నిమిషాల ఇంటర్వ్యూని 90 సెకన్లకు తేవడం. నేరుగా కంప్యూటర్ మీద మొదలుపెట్టనివ్వకండి. ముందు కాగితం. వింటూ ప్రతి మాట పక్కన సమయం రాసుకోవాలి, ఉంచాల్సినవాటి కింద గీత గీయాలి, వాటిని వరుసలో పెట్టి చదువుకోవాలి. కాగితం మీద అర్థం కానిది స్క్రీన్ మీద కూడా అర్థం కాదు.

ఇక్కడే ఈ కోర్సులో అన్నిటికంటే బరువైన పాఠం ఉంది. గాజుల పనివాడు ఇలా అన్నాడనుకుందాం: "ఈ పని వదిలేద్దామనుకున్నాను. మా అమ్మాయి నేర్చుకుంటానంది. ఇప్పుడు వదలబుద్ధి కావట్లేదు." సమయం లేదని మొదటి వాక్యం దగ్గర కోస్తే ఏమైంది? అతని నోటితోనే అతను అనని మాట అనిపించినట్టు. ప్రతి పదమూ అతనిదే, అర్థం మాత్రం తలకిందులు. మన ఫోన్లలో తిరిగే ఎన్నో గొడవ వీడియోల వెనక ఉండేది ఇలాంటి కోతే.

కాబట్టి మూడు నియమాలు గోడ మీద రాసిపెట్టండి. ఒక ప్రశ్నకి చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద పెట్టకూడదు. "కానీ", "అయితే" తర్వాత వచ్చే మాటను వదిలి ముందుది మాత్రమే ఉంచకూడదు. పూర్తయిన 90 సెకన్లను, ఆ మనిషికి గానీ పూర్తి ఇంటర్వ్యూ విన్న మరొకరికి గానీ చూపించి, "ఇది ఆయన చెప్పిందేనా?" అని అడగాలి. ఈ మూడో నియమం దాటనిదే ప్రాజెక్ట్‌కి మార్కులు లేవు.

నాలుగో వారం: మాట కింద, దృశ్యం పైన

మూడో వారం చేసిన ఇంటర్వ్యూ ఆడిస్తే కోసిన ప్రతిచోటా తల టక్కున ఎగురుతుంది. దీన్ని కప్పడానికే ఈ వారం పాఠం. విద్యార్థి తన కళ్లతో ఆ ఎగురుడు చూశాక కాబట్టి ఎందుకో వివరించే అవసరం ఉండదు.

మాట్లాడే ముఖం కింది ట్రాక్‌లో ఉంటుంది. దాని పైన ఇంకో వీడియో ట్రాక్ తెరిచి, పని చేస్తున్న చేతుల దృశ్యాలు అక్కడ పరచాలి. పైదే కనబడుతుంది, కిందిదాని మాట వినబడుతూనే ఉంటుంది. పైదాని ధ్వనిని పూర్తిగా ఆపకుండా బాగా తగ్గించి ఉంచితే బొగ్గుల చిటపట, గాజుల గలగల మాట వెనక సన్నగా వినబడతాయి. దానివల్ల దుకాణంలో కూర్చున్నట్టే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. దృశ్యం మాటకి సంబంధించినదై ఉండాలి. రాళ్ల గురించి చెబుతుంటే రాళ్లే కనబడాలి, వీధిలో ఆటోలు కాదు. ఇక కప్పడానికి దృశ్యం ఉంది కదా అని మూడో వారం నియమాలు మరిచిపోకూడదు. అతుకు కనబడని కోతలోనే అర్థం మార్చడం ఇంకా తేలిక.

సంగీతం ఈ వారం రెండో క్లాసు చివర్లో, ఒక అరగంట. మాట ఉన్నచోట సంగీతం దానికంటే సుమారు 20 డీబీ తక్కువ ఉండాలి. ఫోన్ స్పీకర్ మీద విని ఒక్క పదం కూడా పోలేదంటేనే సరైనట్టు. సినిమా పాటలు వాడొద్దని ముందే చెప్పండి. యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ రావచ్చు, వీడియో ఆగిపోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునే సంగీతం ఉంది. సంగీతం వద్దనుకునే కుటుంబాల పిల్లలుంటే వాళ్లను బలవంతపెట్టకండి. పని చప్పుళ్లతోనే పూర్తి చేయవచ్చు, ఈ రకం వీడియోకి అది ఇంకా బాగుంటుంది కూడా.

ఈ వారం నుంచి పాత ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తాయి, రెండు ట్రాకులు ఒకేసారి ఆడించలేక ఆగిపోతుంటాయి. `Settings` మెనూలో `Proxy` కింద `Use Proxy` పెడితే, ఎడిటింగ్ కోసం చిన్న కాపీలు తయారవుతాయి. ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది.

ఐదో వారం: అక్షరాలు

తెలుగు, ఉర్దూ అక్షరాలు వేసేముందు ఒక చిన్న పరీక్ష. టైటిల్ పెట్టెలో "స్త్రీ", "కార్యక్రమం", "హైదరాబాద్" అని టైప్ చేయండి. ఒత్తులు విడిపోయి పక్కకు పడితే ఫాంటు గానీ సాఫ్ట్‌వేర్ గానీ సరిపడట్లేదన్నమాట. ఉర్దూలో అయితే అక్షరాలు ఒకదానికొకటి కలిసి, కుడి నుంచి ఎడమకి రావాలి. విడివిడిగా నిలబడితే తప్పు. నోటో సాన్స్ తెలుగు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్లు ఉచితం. షాట్‌కట్‌లో `Text: Simple` అనే ఫిల్టర్‌తో ఇవి వాడి చూడండి. నస్తాలీఖ్ నిలువుగా ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి వరుసల మధ్య ఎడం పెంచాలి.

సబ్‌టైటిల్ రాయడం అంటే పదానికి పదం అనువదించడం కాదు. పనివాడు దక్కనీలో "లాక్ గరమ్ రహే తోచ్ నగ్ బైఠ్తా, ఠండా హోగయా తో నై బైఠ్తా" అన్నాడనుకోండి. కింద "లక్క వేడిగా ఉంటేనే రాయి అతుక్కుంటుంది. చల్లారితే అతుక్కోదు" అంటే సరిపోతుంది. ఒకసారికి రెండు వరుసలకు మించకూడదు. వ్యవధి సరిపోయిందో లేదో తెలుసుకునే మార్గం తేలిక: ఆ వాక్యాన్ని మామూలు వేగంతో పైకి చదవండి. చదవడం పూర్తయ్యేలోపే మాయమైతే వాక్యం కుదించాలి. షాట్‌కట్ కొత్త వెర్షన్లలో సబ్‌టైటిల్స్ కోసం విడిగా `Subtitles` ప్యానెల్ ఉంది. అక్షరాలు తెల్లగా, వెనక నల్లటి అంచుతో ఉంటే ఏ దృశ్యం మీదైనా చదవగలం.

రంగుకి ఒక గంట చాలు. చీకటిగా ఉన్న ముక్కకి వెలుగు పెంచడం, ట్యూబ్‌లైట్ కింద నీలంగానో బల్బు కింద పసుపుగానో వచ్చినదాన్ని తెలుపు చేయడం, అంతే. పక్కపక్కన ఉన్న రెండు షాట్లలో ముఖం ఒకే మనిషిదిగా కనబడితే పని అయినట్టు.

ఈ వారం ఇంటి పని చివరి వీడియో షూటింగ్. ఆరో వారానికి వాయిదా వేస్తే ఎడిటింగ్‌కి సమయం మిగలదు.

ఆరో వారం: మూడు నిమిషాల లెక్క

గాజుల వీడియో లెక్క చూద్దాం. విద్యార్థి దగ్గర 15 నిమిషాల ఇంటర్వ్యూ, 25 నిమిషాల పని దృశ్యాలు, మొత్తం 40 నిమిషాలు ఉన్నాయి. ఫోన్ 1080 నాణ్యతలో నిమిషానికి దాదాపు 100 నుంచి 130 ఎంబీ తీసుకుంటే, ఇది సుమారు 5 జీబీ. మార్చిన ఫైళ్లు, ప్రాక్సీలతో కలిపి ఒక్కో విద్యార్థికి కనీసం 30 జీబీ ఖాళీ చోటు ఉంచండి.

15 నిమిషాల మాట కాగితం మీదకి వచ్చాక గీత గీసినవి ఐదు నిమిషాలు ఉంటాయనుకుందాం. మళ్లీ చదివితే ఒకే విషయం రెండుసార్లు చెప్పినవి కనబడతాయి. అవి తీసేస్తే రెండు నిమిషాల 20 సెకన్లకు వస్తుంది. మొదట్లో మాట లేకుండా లక్క కరిగే దృశ్యం 20 సెకన్లు, చివర్లో తయారైన గాజులు 20 సెకన్లు. మొత్తం మూడు నిమిషాలు. మాట నడిచే 140 సెకన్లలో ముఖం ఒక 50 సెకన్లు కనబడితే చాలు. మిగతా 90 సెకన్లూ చేతులే. ఒక్కో దృశ్యం నాలుగైదు సెకన్లనుకుంటే సుమారు 20 షాట్లు కావాలి. 25 నిమిషాల్లో అవి లేకపోతే షూటింగ్‌లోనే లోటు ఉన్నట్టు. ఈ సంగతి మొదటి క్లాసులో తెలిస్తే మళ్లీ వెళ్లి తీసుకురావచ్చు.

పదకొండో క్లాసులో మాట ఒక్కటే పేర్చి చూడాలి. తర్వాత దృశ్యాలు పరచాలి. పన్నెండో క్లాసు మొదటి గంట సబ్‌టైటిల్స్, ధ్వని సరిచూపు. రెండో గంట ఎక్స్‌పోర్ట్, ప్రదర్శన. సెకనుకు 8 మెగాబిట్లతో తీస్తే మూడు నిమిషాల ఫైలు దాదాపు 180 ఎంబీ వస్తుంది. ఇచ్చేముందు మూడుసార్లు చూడాలి: ఫోన్ స్పీకర్ మీద మాట కోసం, ఇయర్‌ఫోన్లతో రెండు చెవుల్లోనూ ధ్వని వస్తోందా అని, ధ్వని ఆపేసి సబ్‌టైటిల్స్‌తోనే కథ అర్థమవుతోందా అని.

క్లాసులు వెనకబడితే ఏం వదలొచ్చు? రంగు వదలొచ్చు, సంగీతం వదలొచ్చు, చివరి వీడియోను రెండు నిమిషాలకు తగ్గించవచ్చు. మూడో వారాన్ని మాత్రం కుదించకండి.

అప్పగించేముందు ఒక ఒప్పందం

కోర్సు అయ్యాక చాలామందికి వచ్చే మొదటి పని బంధువుల నికాహ్, వలీమా వీడియోనే. అందులో ఇంటి ఆడవాళ్లు, పిల్లలు ఉంటారు. అది ఎవరికి ఇవ్వాలి, స్టేటస్‌లో పెట్టవచ్చా, ఎవరి ముఖాలు తీసేయాలి అన్నది కోత మొదలుపెట్టకముందే ఇంటివాళ్లను అడిగి రాసుకోవాలి. పని పూర్తయ్యాక ముడి దృశ్యాలు ఇంటివాళ్లకు అప్పగించి, క్లాసు కంప్యూటర్ నుంచి, ఎడిటర్ ఫోన్ నుంచి, రీసైకిల్ బిన్‌తో సహా తుడిచేయాలి. ఆరో వారంలో ఈ తుడిచే పని విద్యార్థుల చేత నిజంగా చేయించండి, నోటితో చెప్పి వదిలేయకండి.

ఏదైనా సెంటర్‌లో చేరేముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు కూడా వీటిలోనే ఉన్నాయి. మొదటి వారంలో ఫైలు బయటికి తీయిస్తారా? ధ్వనికి ఎన్ని క్లాసులు? ఒక కంప్యూటర్‌కి ఎంతమంది? పాత విద్యార్థులు సొంతంగా తీసి, కోసి, పూర్తి చేసిన వీడియో ఒకటి చూపిస్తారా? నాలుగో ప్రశ్నకి జవాబుగా సెంటర్ సొంత ప్రచార వీడియో ఆడిస్తే, ఫీజు కట్టేముందు ఇంకోచోట కూడా అడిగి చూడండి.